పందికప్పు ఎక్కడి నుంచి వచ్చింది?

(తెలుగు ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడుతోంది కదా, సరే.

మా పెద్దక్క సంగతితో మొదలుపెడతాను. చాలా ఏళ్ళ కిందటి మాట. నన్ను వెంటబెట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్ళింది. చేతిలో చీటీ లేదు, సరుకులన్నీ నోటికే చెబుతోంది. చింతపండు అరకేజీ, ఎండుమిర్చి పావుకేజీ, అని గబగబా చెప్పుకుంటూ పోయి, "ఒక కేజీ పందికప్పు" అంది. కొట్టాయన త్రాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆగిపోయి, "అది మా దగ్గర దొరకదమ్మా, కందిపప్పయితే ఉంది" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. అక్క కూడా నవ్వింది. నవ్వి, "అదేనయ్యా, కందిపప్పే" అంది.

ఆ రోజు నేనూ అందరితో పాటు నవ్వి ఊరుకున్నాను. తరవాత ఎన్నో ఏళ్ళకి, భాషాశాస్త్రం చదువుకునేటప్పుడు, ఆ పందికప్పు మళ్ళీ గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందంటే, అక్క ఎలా పడితే అలా తప్పు మాట్లాడలేదు. చాలా పద్ధతిగా తప్పు మాట్లాడింది. కంది, పప్పు. మొదటి మాటలో మొదటి హల్లు క. రెండో మాటలో మొదటి హల్లు ప. ఆ రెండే స్థలాలు మార్చుకున్నాయి. మిగతా ఏదీ కదల్లేదు. సున్నా సున్నా దగ్గరే ఉంది, ఒత్తు ఒత్తు దగ్గరే ఉంది, అచ్చులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కంది పప్పు, పంది కప్పు. చూశారా?

మరి ఈ పద్ధతి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఈ పద్ధతి గురించే. నోరు జారినప్పుడు అది ఎలా పడితే అలా జారదు, దానికీ ఓ దారి ఉంది. ఆ దారి తెలిస్తే మాట మనసులో ఎలా తయారవుతుందో కొంత తెలుస్తుంది.

ఇలా రెండు మాటల మొదటి ధ్వనులు తారుమారు కావడాన్ని స్పూనరిజం అంటారు. స్పూనర్ అనేది ఒక మనిషి పేరు. విలియం ఆర్చిబాల్డ్ స్పూనర్, 1844లో పుట్టి 1930లో పోయారు. ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీ అని ఉంది, అందులో విద్యార్థిగా చేరి అక్కడే ఉపాధ్యాయుడై, 1903 నుంచి 1924 దాకా ఆ కాలేజీకి పెద్దగా ఉన్నారు. పుట్టుకతోనే ఒంటికీ జుట్టుకీ రంగు తక్కువ, చూపు బాగా మందం. మంచి మనిషి, పిల్లలంటే ప్రేమ. ఆయన నోరు అప్పుడప్పుడు జారేది. చర్చిలో "కాంకరింగ్ కింగ్స్" అనే కీర్తన పేరు ప్రకటించబోయి "కింకరింగ్ కాంగ్స్" అన్నారని చెబుతారు. అది 1879 నాటి సంగతి అంటారు. ఇంకొకటి, "రేట్ ఆఫ్ వేజెస్" అనబోయి "వెయిట్ ఆఫ్ రేజెస్" అన్నారట. కూలి రేటు కాస్తా కోపాల బరువు అయింది. ఆయన నిజంగా అన్నారని ఎక్కువమంది ఒప్పుకునేది ఈ రెండోదాన్నే.

మరి ఆయన పేరు మీద వందల కొద్దీ చెప్పుకుంటారే, అవన్నీ? చాలా మటుకు కుర్రాళ్ళు కూర్చుని కట్టినవి. మీలో ఇంగ్లీషు మేష్టార్లు ఉన్నారు కాబట్టి ఈ ఉదాహరణ వినే ఉంటారు. ఒక విద్యార్థిని పిలిచి, నా హిస్టరీ క్లాసులన్నీ నువ్వు మిస్ అయ్యావు అనబోయి, "హిస్డ్ మై మిస్టరీ లెక్చర్స్" అన్నారని. ఆ మాట అక్కడితో ఆగదు, అదే ఊపులో ఇంకో రెండు మూడు తారుమార్లు, అన్నీ నిఖార్సైన అర్థాలతో, వరసగా వస్తాయి. ఇది కట్టిందని ఎలా పట్టుకోవాలి? చాలా తేలిక. నిజమైన జారుడు ఒక్కసారి జరుగుతుంది. జరగ్గానే మనిషి ఆగుతాడు. మా అక్క పందికప్పు తరవాత ఆగింది కదా? ఒకే వాక్యంలో మూడు తారుమార్లు, మూడింటికీ చక్కటి అర్థాలు, మధ్యలో ఎక్కడా తడబాటు లేదంటే, అది కాగితం మీద పుట్టిన మాట. నోట్లో పుట్టింది కాదు.

ఇప్పుడు మీ చేత ఒక పని చేయిస్తాను. ఇది నేను కనిపెట్టింది కాదు. 1975లో అమెరికాలో బార్స్, మోట్లీ, మెకే అని ముగ్గురు పరిశోధకులు ఇంగ్లీషులో చేశారు, దాన్ని నేను తెలుగులోకి మలుచుకున్నాను. నేను బోర్డు మీద జంట మాటలు చూపిస్తాను. పైకి చదవద్దు, మనసులో చదువుకోండి. నేను చెయ్యి ఎత్తగానే, అప్పుడు బోర్డు మీద ఉన్నది మాత్రం గబుక్కున పైకి అనాలి. సిద్ధమా?

పంచె కట్టు. పండు కొయ్యి. పాత కుండ. పచ్చి కాయ. కంది పప్పు!

హాహా, అదిగో. ముందు వరసలో ఒక అమ్మగారు, వెనక ఇద్దరు ముగ్గురు. మూడో వరసలో అయ్యగారు "పం" అని ఆగి "కందిపప్పు" అన్నారు, ఆయన సంగతి మళ్ళీ చెబుతాను. ఏం జరిగింది? నాలుగు జంటల్లోనూ ముందు ప, తరవాత క. ప-క, ప-క, ప-క, ప-క. మీ మనసు ఆ వరసకి అలవాటు పడిపోయింది. ఐదో జంటలో నేను వరస తిప్పేశాను, క-ప అని పెట్టాను. ఆ తొందరలో పాత వరసే ముందుకొచ్చింది.

ఇంకోసారి చేద్దాం. ఈసారి ప, శ. మనసులోనే చదవండి. పాత శాలువా. పట్టు శాలువా. పల్లె శివారు. పెద్ద శబ్దం. శనగ పప్పు!

ఊఁ. ఎవరైనా తప్పారా? ఒకరో ఇద్దరో తడబడ్డారు, అంతే. ఎవరూ "పనగ శప్పు" అనలేదు. ఎందుకనలేదు? వరస అదే, తొందర అదే, మనుషులూ మీరే. తేడా ఒక్కటే. కందిపప్పు తారుమారైతే పంది వస్తుంది, కప్పు వస్తుంది. రెండూ మనకి తెలిసిన మాటలు. శనగపప్పు తారుమారైతే పనగ, శప్పు. రెండూ మాటలు కావు. ఆ పరిశోధకులు ఇంగ్లీషులో చూసిందీ ఇదే. తారుమారైన తరవాత నిజమైన మాటలు వచ్చేలా ఉంటే జనం ఎక్కువగా తప్పారు, అర్థంలేని ముక్కలు వచ్చేలా ఉంటే తక్కువగా తప్పారు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? మాట పెదవి దాటేముందు ఎవరో ఒకరు లోపల నిలబడి చూస్తున్నారు. నేను దాన్ని గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దమ్మ అంటాను. బయటికి వెళ్ళే ప్రతివాళ్ళనీ ఆవిడ ఓసారి చూస్తుంది. "పనగ" వెళ్ళబోతుంటే, ఇదేంటి, ఇలాంటిది మన ఇంట్లో లేదే అని ఆపేస్తుంది. "పంది" వెళ్ళబోతుంటే తెలిసిన మొహమే కదా అని పోనిస్తుంది. అందుకే మనం వినే జారుళ్ళలో ఎక్కువ భాగం నవ్వొచ్చేవి అవుతాయి. నవ్వు ఎందుకొస్తుంది? రెండో అర్థం ఉంది కాబట్టి. రెండో అర్థం ఉంది కాబట్టే అది గుమ్మం దాటింది. అర్థం లేనివి లోపలే ఆగిపోయాయి, వాటిని మనం విననే లేదు.

ఇందాక మూడో వరసలో అయ్యగారు "పం" అని ఆగారన్నాను. ఏమీ అనుకోకండి, అసలు నాకు కావలసిన మనిషి ఆయనే. ఆయన నోట్లో జారుడు మొదలైంది. ప ముందుకు దూకింది. సగంలో పెద్దమ్మ చూసింది, వెనక్కి లాగింది. ఇలాంటి సగం జారుళ్ళు పూర్తి జారుళ్ళకంటే చాలా ఎక్కువ. ఇంగ్లీషులో పోగుచేసిన ఉదాహరణల్లోనూ అంతే, వెనక రావలసిన ధ్వని ముందుకు రావడం ఎక్కువ, రెండూ పూర్తిగా స్థలాలు మార్చుకోవడం తక్కువ. వెనకున్న ప ముందుగా కంది మీద వచ్చి కూర్చుంటుంది. ఖాళీ లేక క తరవాత వచ్చే స్థలానికి పోతుంది. అప్పుడే పూర్తి పందికప్పు.

పైగా పప్పులో ప మూడుసార్లు ఉంది, చూడండి. ప, దాని వెనక ప్పు. అసలే అంత బలంగా తోసుకొస్తున్న ధ్వని. కంది, పప్పు రెండింట్లోనూ మొదటి అచ్చు అ. రెండు గదులు ఒకేలా ఉంటే మనుషులు గది మారిపోవడం తేలిక కదా? ఇదీ అంతే.

ఇక్కడ తెలుగువాళ్ళుగా మనం గమనించవలసింది ఒకటుంది. నాకు ఇది చాలా ఇష్టమైన విషయం. మనం రాసేది అక్షరాలు. కా, చూ, డు. హల్లూ అచ్చూ కలిసిపోయి ఒకే ముద్దగా ఉంటాయి. పిల్లలకి చెప్పేటప్పుడు క అని చెబుతాం గానీ, క్ అని విడిగా ఎక్కడ చెబుతాం? మరి నోరు జారినప్పుడు జారేది ఏది? అక్షరమా, అందులోని హల్లా?

ఈ ఉదాహరణ చూడండి. "కారు చూడు." వీధిలో పిల్లాడు అనే మాట. ఇక్కడ అక్షరాలే మారితే ఏమవుతుంది? కా పోయి చూ దగ్గర కూర్చోవాలి, చూ వచ్చి కా దగ్గర కూర్చోవాలి. "చూరు కాడు." చూరూ మాటే, కాడూ మాటే. హల్లు ఒక్కటే మారితే? "చారు కూడు." చారూ మాటే, కూడూ మాటే. రెండు దారులూ తెరిచే ఉన్నాయి. రెండింటికీ అర్థం ఉంది, కాబట్టి పెద్దమ్మ ఏదీ ఆపదు. మా మనవడు ఒకరోజు కిటికీలోంచి చూస్తూ గట్టిగా అరిచింది మాత్రం "తాతా, చారు కూడు!" అని. దీర్ఘాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, హల్లులు మాత్రం గది మారాయి.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఇలాంటివి విన్నప్పుడల్లా రాసుకుంటాను. అందులో ఉన్నవాటిలో ఎక్కువ ఇలాంటివే. దారి మూసి అనబోయి "మారి దూసి." అచ్చు కదలదు, హల్లు కదులుతుంది. ఐదో ఏట బడిలో ముద్దలుగా నేర్చుకున్న అక్షరాన్ని నోరు ఏనాడూ ముద్దగా చూడలేదన్నమాట. దానికి లోపల హల్లు వేరు, అచ్చు వేరు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెబుతాను. మన చిన్నప్పుడు క భాష ఆడుకునేవాళ్ళం గుర్తుందా? పెద్దవాళ్ళకి తెలియకుండా మాట్లాడుకోవడానికి ప్రతి అక్షరం ముందూ ఒక క తగిలించడం. నేను అనాలంటే "కనే కను." నీకు అనాలంటే "కనీ కకు." గడగడా మాట్లాడేవాళ్ళం. అది ఎలా నడుస్తుంది? అక్షరం అక్షరంగా నడుస్తుంది. ఎందుకంటే అది తెలిసి ఆడే ఆట, పలక మీద నేర్చుకున్న లెక్కతో ఆడే ఆట. తెలిసి చేసినప్పుడు అక్షరం, తెలియకుండా జారినప్పుడు హల్లు. ఒకే నోరు, రెండు లెక్కలు.

ఇప్పుడు రెండో రకానికి వస్తాను. ధ్వని తారుమారు కాదు, మాటే తప్పు. ఒక మాట అనవలసిన చోట దానిలా వినిపించే ఇంకో మాట. దీన్ని మాలాప్రాపిజం అంటారు. ఇది నిజం మనిషి పేరు కాదు, నాటకంలో పాత్ర పేరు. 1775లో లండన్‌లో షెరిడన్ అనే యువ రచయిత, అప్పటికి 23 ఏళ్ళవాడు, ఒక నాటకం ఆడించాడు. ఆ నాటకం పేరు "ది రైవల్స్." అందులో మిసెస్ మాలాప్రాప్ అనే పెద్దావిడ ఉంటుంది. పెద్ద పెద్ద మాటలు వాడాలని ఆవిడకి మహా కోరిక. నైలు నది ఒడ్డున ఉండే ఎలిగేటర్ అనబోయి ఎలిగరీ అంటుంది. మొసలి కాస్తా రూపక కథ అయిపోతుంది. ఫ్రెంచిలో "మాలాప్రొపో" అంటే సమయానికి తగనిది అని, అక్కడి నుంచి ఆవిడ పేరు పెట్టాడు.

ధ్వని పోలిక లేకపోయినా, అర్థం తెలియక మాట తప్పడం మన దగ్గర ఎలా జరుగుతుందో ఒకటి చెబుతాను. మా సహోద్యోగి ఒకాయన పదవీ విరమణ సభ. ఊరు, సంస్థ పేరు వద్దు. సభ నడిపిన కుర్రాడు చాలా మంచివాడు, రాత్రంతా కూర్చుని కాగితం రాసుకొచ్చాడు. గొంతు సవరించుకుని, "కీర్తిశేషులు, బహుభాషావేత్త" అంటూ మా సహోద్యోగి పేరు చదివాడు. పక్కనే కుర్చీలో ఆయన. ఆయన పక్కన ఆయన భార్య. హాలంతా ఒక్కసారి చల్లబడిపోయింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం మైకు తీసుకుని, "కీర్తి సంగతి నాకు తెలియదు గానీ, శేషం మాత్రం ఇంకా చాలా ఉంది నాయనా" అన్నారు. అప్పుడు హాలు నవ్వింది.

సభ అయ్యాక ఆ కుర్రాణ్ణి పక్కకి తీసుకెళ్ళి అడిగాను. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అని. "పెద్ద పెద్ద వాళ్ళ ఫోటోల కింద రాసి ఉంటుంది కదండీ సార్" అన్నాడు. ఆలోచించండి. అతను ఏం తప్పు చేశాడు? గ్రంథాలయంలో గోడల మీద గొప్పవాళ్ళ ఫోటోలు ఉన్నాయి. ప్రతి పేరు ముందూ కీర్తిశేషులు అని ఉంది. అందులో కీర్తి అనే మాట వినిపిస్తూనే ఉంది. కాబట్టి ఇది గొప్పవాళ్ళకి పెట్టే మాట అనుకున్నాడు. ఇందులో తెలివితక్కువతనం ఎక్కడుంది? మనం ఒక్కొక్క మాట నేర్చుకున్నదీ ఇలాగే, చుట్టూ చూసి ఊహించి. మనం ఊహించినవి సరిపోయాయి, అతను ఊహించింది సరిపోలేదు.

మా అక్క తప్పుకీ ఈ కుర్రాడి తప్పుకీ తేడా ఇక్కడే ఉంది. అక్కకి కందిపప్పు తెలుసు. తప్పగానే తనే దిద్దుకుంది. ఆ కుర్రాణ్ణి అక్కడే ఇంకోసారి చదవమంటే? మళ్ళీ కీర్తిశేషులనే చదువుతాడు. మీరు ఎవరి మాటైనా విని ఇది జారుడా, తెలియకపోవడమా అని తేల్చాలంటే ఇంతే. కాసేపాగి అదే విషయం మళ్ళీ మాట్లాడించండి. జారుడైతే రెండోసారి సరిగ్గా వస్తుంది. తెలియకపోతే అదే మాట మళ్ళీ అదే తీరున వస్తుంది.

మధ్యలో ఇంకో రకం ఉంది. మాట తెలుసు, అయినా ఆ క్షణానికి పక్క మాట వచ్చేస్తుంది. ప్రదానం తెలిసినాయనే హడావుడిలో ప్రధానం అనడం లాంటివి. ఇలాంటివాటిని 1977లో ఫే, కట్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషులో పోగుచేసి చూశారు. రావలసిన మాటా వచ్చిన మాటా పక్కపక్కన పెడితే, రెండూ ఒకే జాతివి. నామవాచకం బదులు నామవాచకమే వస్తుంది, క్రియ బదులు క్రియే వస్తుంది. అక్షరాల లెక్కా ఊనిక పడే చోటూ చాలాసార్లు ఒకటే. అర్థంలో మాత్రం పోలిక ఉండదు. అంటే మనసులో మాటల బీరువాలో ఒక అర అర్థాన్ని బట్టి కాదు, ధ్వనిని బట్టి సర్ది ఉంది. చెయ్యి పక్కకి పోతే పక్కనున్న డబ్బా చేతికొస్తుంది.

మరి తెలుగులో ఈ పక్క డబ్బా తప్పులు ఎక్కడ ఎక్కువ? మీరు ఎప్పుడైనా రోలుకీ రోకలికీ పొరబడ్డవాళ్ళని చూశారా? నేను చూడలేదు. రెండూ ఎంత దగ్గరగా వినిపించినా ఎవరూ పొరబడరు. ఎందుకంటే చేతితో పట్టుకున్న మాటలవి. పొరబడేదంతా శుభలేఖల మీదా, బ్యానర్ల మీదా, మైకుల్లోనూ మాత్రమే వినిపించే మాటల దగ్గర.

వీటిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది "ఆహుతులు." ఎన్ని ఆహ్వాన పత్రికల్లో చూశానో. "ఆహుతులందరూ విచ్చేసి విందు స్వీకరించ ప్రార్థన." అసలు మాట ఆహూతులు, హూకి దీర్ఘం ఉండాలి. దీని మూలం హ్వే అనే ధాతువు, అంటే పిలవడం. ఆహ్వానం అందులోంచే వచ్చింది. ఆహూతులంటే పిలవబడినవాళ్ళు. దీర్ఘం తీసేస్తే? హు అనే ఇంకో ధాతువు, అగ్నిలో వేయడం. హోమం అందులోంచి వచ్చింది. ఆహుతి అంటే హోమంలో వేసేది. ఒక్క దీర్ఘం పోయేసరికి పిలిచిన చుట్టాలందరినీ హోమగుండంలో వేశారు. దానికింద "ఉపహారం ఏర్పాటు చేయడమైనది" అని. ఉపాహారమంటే పలహారం, ఉపహారమంటే కానుక. ఈ రెండు తప్పులూ పక్కపక్కనే అచ్చయిన శుభలేఖ నేను దాచుకున్నాను.

ఇక్కడ కారణం కూడా కనబడుతోంది కదా? మామూలు మాటల్లో దీర్ఘం పోతే మనం వెంటనే పట్టుకుంటాం. పాలు, పలు ఎవరూ కలపరు. కానీ ఈ మాటలు ఇంట్లో ఎవరూ పలకరు. చెవికి అలవాటు లేదు. ద, ధ తేడా కూడా అంతే, చాలామంది నోట్లో రెండూ ఒకటే. అందుకే ప్రదానం, ప్రధానం. అవార్డుల ప్రధానం అని బ్యానరు రాయించినాయనకి ఆ రెండు మాటలూ ఒకే మాట. మీరు పిల్లలకి ఇలాంటివి చెప్పేటప్పుడు తప్పొప్పుల పట్టిక ఇవ్వకండి, దయచేసి. ఆహ్వానం, ఆహూతులు కలిపి చెప్పండి. హోమం, ఆహుతి కలిపి చెప్పండి. తోడు దొరికిన మాట దారి తప్పదు.

ఇంగ్లీషు మాటలదీ ఇదే కథ. పల్లెల్లో పొలం తగాదా కోర్టుకెళితే "ఇంజక్షన్ ఆర్డరు తెచ్చాడు" అంటారు. అది ఇంజంక్షన్, ఫలానా పని చేయకూడదని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. ఊళ్ళో అందరికీ తెలిసిన ఇంజక్షన్ ఒకటే, సూదిమందు. దాని ధ్వనిలోకి కొత్త మాట వచ్చి చేరింది. ఇప్పుడు అది ఎంత పాతుకుపోయిందంటే, చదువుకున్నవాళ్ళు కూడా అలాగే అంటున్నారు. అందరూ అంటే ఇంక దాన్ని తప్పు అనాలా? నేనైతే అనను. పొలం మీద ఇంజక్షన్ ఉందంటే ఊళ్ళో ఎవరికీ పొరపాటు రావడం లేదు.

తప్పే నెగ్గిన సందర్భాలు పాతవీ ఉన్నాయి. వర్ధంతి చూడండి. వృధ్ అంటే పెరగడం. మైసూరులో చాముండేశ్వరి వర్ధంతి అంటే అమ్మవారి పుట్టినరోజు, పెద్ద ఉత్సవం చేస్తారు. మన దగ్గర వర్ధంతి అంటే చనిపోయిన రోజు. పొరుగు రాష్ట్రానికి వెళితే పుట్టుకకీ చావుకీ తారుమారు. మనవాళ్ళెవరైనా అక్కడ బోర్డు చదివి కంగారు పడ్డారంటే ఆశ్చర్యం లేదు.

ధ్వనులదీ అంతే. కుంభకర్ణుడి వరం కథ హరికథల్లో వినే ఉంటారు. ఇంద్రాసనం అడగబోతే నాలుక మీద సరస్వతి కూర్చుని నిద్రాసనం అనిపించింది. ఇక్కడ ఏం మారింది? ఇ, న్. ఇంద్ర అంటే ఇన్ద్ర. అచ్చూ హల్లూ స్థలాలు మార్చుకుంటే నిద్ర. ఇది పందికప్పు రకం కాదు, రెండు మాటల మధ్య కాదు, ఒక మాట లోపలే. ఇప్పుడు తమిళం వైపు చూడండి. తమిళంలో రోలుని ఉరల్ అంటారు. రోకలిని ఉలక్కై అంటారు. రెండుని ఇరండు అంటారు. లోపల అనడానికి ఉళ్ అంటారు. మొదట అచ్చు, తరవాత హల్లు. మన దగ్గర? రోలు, రోకలి, రెండు, లో. హల్లు ముందుకొచ్చింది, అచ్చు దాని వెనక్కి పోయింది. కుంభకర్ణుడి నోట్లో ఒకరోజు జరిగిందని చెప్పుకునేది, తెలుగులో కొన్ని మాటలకి శాశ్వతంగా జరిగింది. వ్యాకరణంలో దీన్ని వర్ణ వ్యత్యయం అంటారు. ఇది ఎవరో ఒకరు నోరు జారడంతో మొదలైందని నేను అనడం లేదు, తరాల మీద నడిచిన మార్పు. కానీ కదలిక తీరు అదే. రైల్వే స్టేషన్ దగ్గర "సింగల్ పడలేదు" అని ఇప్పటికీ అంటారు కదా, సిగ్నల్‌ని? అదీ ఇదే. గ్న అనడం మన నోటికి కష్టం, ంగ తేలిక. నోరు తేలిక దారి పట్టింది.

ఇక ఆపేస్తాను, టీ వచ్చేసిందంటున్నారు. ఒక్క పని అడుగుతాను. మీలో ఎవరికైనా ఇలాంటిది వినపడితే వెంటనే రాసుకోండి. సాయంత్రం రాద్దామనుకుంటే మనసు తనంతట తనే దిద్దేస్తుంది, ఏది జారిందో గుర్తుండదు. నాలుగు సంగతులు రాస్తే చాలు. ఏమనాలనుకున్నారు, ఏమన్నారు, ఆగారా లేదా, ఆగితే ఏ అక్షరం దగ్గర ఆగారు. పేర్లు రాయకండి, వయసు రాయండి. సగంలో ఆగినవి అసలు వదలొద్దు, ఆ "పం..." లాంటివి. వాటిని ఎవరూ పట్టించుకోరు, అందుకే నా పుస్తకంలో అవే తక్కువగా ఉన్నాయి. మళ్ళీ సమావేశానికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు పట్టుకురండి, ఇదే బోర్డు మీద అన్నీ పక్కపక్కన రాసి చూద్దాం.